ఈ ఏడు నేను పండుగకు రాలేను వదినగారూ

(ఆకాశవాణి మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



పండుగకు పిలవడం ఎలాగో మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. బొట్టుపెట్టి పిలుస్తాం, ఫోను చేసి పిలుస్తాం, రాకపోతే ఒట్టేనని బెదిరించి మరీ పిలుస్తాం. పిలిచినవాళ్ళకి రాలేమని చెప్పడం మాత్రం మనకి చేతకాదు. అందులోనూ ఇంట్లో ఒక మనిషి పోయిన ఏడాది, ఈసారి మాకు పండుగ వద్దండీ అని ఒక దగ్గర బంధువుకి చెప్పవలసి వస్తే నోట మాట పెగలదు. చెబితే వాళ్ళ సంతోషం పాడుచేసినట్టవుతుందేమోనని ఒక భయం. చెప్పకపోతే మన మనసు ఒప్పుకోదు. ఈ సంగతిలో నేను చేసిన పొరపాటు ఒకటుంది. దాన్నే ముందు చెబుతాను. దాన్నుంచి నేర్చుకున్నది తర్వాత చెబుతాను.

ఆ ఏడాది భాద్రపదంలో మా అమ్మ కాలం చేసింది. మా అన్నయ్య ఉండేది తెనాలిలో. 10 రోజుల మైల పట్టాడు, పదకొండు, పన్నెండు రోజుల కర్మలు చేశాడు, ఆ తర్వాత నెలనెలా మాసికాలు పెడుతూ వచ్చాడు. సంవత్సరీకం అయ్యేదాకా వాళ్ళింట పండుగ లేదు. గుమ్మానికి మామిడాకులు కట్టలేదు, కొత్తబట్టలు కట్టుకోలేదు, పిండివంటకి మూకుడు పెట్టలేదు. వాళ్ళని ఎవరూ ఏమీ అడగలేదు. "మాకు ఈ ఏడు పండుగ లేదండీ" అని మా చిన్నవదిన ఒక్క ముక్క అనేసరికి ఎదుటివాళ్ళు "అవునవును" అని ఊరుకునేవారు.

మరి నా సంగతి? నేను పెళ్ళయి మరో ఇంటికి వచ్చినదాన్ని. కన్నతల్లి పోతే ఆడపిల్లకి మా ఇళ్ళలో 3 రోజులే మైల. నాలుగోరోజు తలకి పోసుకుంటే శుద్ధి. ఆ తర్వాత మా అత్తవారింట దసరా వచ్చింది, దీపావళి వచ్చింది. శాస్త్రప్రకారం ఏ అడ్డూ లేదు. ఒక్కో ఇంటి ఆచారం ఒక్కోలా ఉంటుంది గాని, చాలా ఇళ్ళల్లో కూతురి సంగతి ఇంతే. కొడుకుకి ఏడాది, కూతురికి మూడు రోజులు. దుఃఖం మాత్రం ఆ లెక్క ప్రకారం రాదు కదా! దసరాకి ఎలాగో నెట్టుకొచ్చాను. దీపావళినాడు మాత్రం వాకిట్లో దీపాలు పెడుతుంటే, ప్రతి ఏడూ ఆ పూట ఫోను చేసి "చీర కొంగు జాగ్రత్తే" అనే మనిషి లేదని గుర్తొచ్చి, అక్కడే మెట్టుమీద కూలబడిపోయాను. సంక్రాంతికి ఎవరింటికీ వెళ్ళకూడదని అప్పుడే అనుకున్నాను.

సరిగ్గా అలాంటప్పుడు, కార్తీకమాసంలో, కాకినాడనుంచి మా పెద్దవదినగారు ఫోను చేశారు. మా వారికి పెద్దక్కగారు ఆవిడ. వేసవిలో వాళ్ళ అమ్మాయి పెళ్ళి చేశారు. "కొత్త అల్లుడు మొదటి సంక్రాంతికి వస్తున్నాడు. మేనమామా మేనత్తా ముందుండి జరిపించాలి. మీరు నాలుగురోజుల ముందే దిగాలి" అన్నారు. ఆవిడ గొంతులో ఉన్న సంబరం వింటే రాలేనని అనడానికి నాకు నోరు రాలేదు. "చూద్దాం వదినగారూ" అన్నాను.

అక్కడే పొరపాటు జరిగింది. "చూద్దాం" అంటే "రాలేం" అని నా ఉద్దేశం. "చూద్దాం" అంటే "వస్తాం" అని ఆవిడకి అర్థం. తప్పు ఆవిడది కాదు. మన మాటల్లో "చూద్దాం" అనేది రెండు వైపులా తెరుచుకునే తలుపు. వినేవాళ్ళు తమకి కావలసిన వైపునుంచి తీసుకుంటారు.

వారం తర్వాత మళ్ళీ ఫోను చేశారు. పిల్లవాడికి పరీక్షలున్నాయన్నాను. "సంక్రాంతికి సెలవులేగా" అన్నారు. మావారికి సెలవు దొరకదేమోనన్నాను. "నేను తమ్ముడితో మాట్లాడతాలే" అన్నారు. రైలు టిక్కెట్లు దొరకవన్నాను. వాళ్ళబ్బాయిచేత మాకు టిక్కెట్లు తీయించారు. చూశారా! నేను ఒక్కొక్క సాకు చెబుతుంటే, ఆవిడ ప్రేమతోనే ఒక్కొక్కటీ తీర్చుకుంటూ వచ్చారు. చివరికి నా దగ్గర సాకులు అయిపోయాయి. అసలు కారణం మాత్రం నా నోట రానేలేదు. మా అమ్మ పోయిన సంగతి ఆవిడకి తెలియనిది కాదు. పలకరించడానికి తెనాలి వచ్చి వెళ్ళారు కూడా. కాని మైల మూడురోజులతో తీరింది కాబట్టి ఆ సంగతి అక్కడితో అయిందని అనుకున్నారు.

ధనుర్మాసం వచ్చి నెలగంట పట్టాక, ఇంక ఉండబట్టలేక, మా తోడికోడలితో "నాకు వెళ్ళాలని లేదే" అన్నాను. అది రెండురోజుల్లో కాకినాడ చేరింది. చేరేటప్పటికి "రాదుట" అయింది. ఆ సాయంత్రం మా వదినగారి దగ్గరనుంచి ఫోను వచ్చింది. "నాకు చెప్పకూడని మాట దానికి చెప్పావా?" అన్నారు. అప్పటికి నాకు చీర కొన్నారు, మా గది సిద్ధం చేయించారు, అల్లుడివైపు వాళ్ళకి మా మేనమామా మేనత్తా వస్తున్నారని చెప్పేశారు. నేను రాకపోవడం ఆవిడకి పెద్ద కష్టం కాదు. ఆ మాట పరాయినోట వినడమే కష్టమయింది.

అప్పుడు చెప్పాను, కార్తీకంలో చెప్పవలసిన మాటలు. మీరు వినండి, ఎంత చిన్నవో.

"వదినగారూ, అమ్మ పోయిన ఏడాది కదండీ, ఈ సంక్రాంతికి నేను రాలేను. మీరు మాత్రం పిల్ల మొదటి పండుగ ఏ లోటూ లేకుండా చెయ్యండి. మీ తమ్ముడు భోగినాటికి వచ్చి అల్లుడికి బట్టలు పెడతారు. అమ్మ ఏడాది వెళ్ళగానే నేనే వచ్చి పిల్లల్ని చూసి వెళ్తాను."

ఇంతే. నాలుగు వాక్యాలు. నెమ్మదిగా చెప్పినా అరనిమిషం పట్టదు. ఇందులో ప్రతి వాక్యానికీ ఒక పని ఉంది. ఆ పనులేమిటో ఒక్కొక్కటే చెబుతాను.

మొదటి వాక్యంలో కారణమూ, నిర్ణయమూ పక్కపక్కనే ఉండాలి. కారణం ముందు, నిర్ణయం వెంటనే. రెండింటికీ మధ్య ఇంకేమీ పెట్టకూడదు. అమ్మ ఎలా పోయింది, ఆసుపత్రిలో ఎన్నిరోజులుంది, అప్పటినుంచి నాకు నిద్ర ఎలా పట్టడంలేదు అనే సంగతులు చెప్పుకోవలసినవే. కాని ఆ మాటలకి వేరే పూట ఉంది. పండుగ పిలుపుకి జవాబు చెప్పే పూట వాటిని తెస్తే వినేవాళ్ళు మనల్ని ఓదార్చడంలో పడతారు. ఓదార్పు చివర "అందుకే నలుగురిలోకీ రా, మనసు తేలికపడుతుంది" అంటారు. అప్పుడు మళ్ళీ మొదటికొస్తాం.

క్రియాపదం దగ్గర కూడా కాస్త జాగ్రత్త పడాలి. "రాను" అంటే మొహంమీద తలుపు వేసినట్టుంటుంది. "రాలేనేమో", "రాలేకపోవచ్చు" అంటే ఇంకా బతిమాలించుకోవాలని ఉన్నట్టుంటుంది. "రాలేను" అనేది సరయిన మాట. అందులో మర్యాద ఉంది, తేల్చి చెప్పడమూ ఉంది. ఇంటిల్లిపాదీ మానేస్తుంటే "మేము రావడం లేదండీ" అనాలి. "వీలుంటే", "అప్పటికి ఎలా ఉంటుందో" లాంటివి తగిలించకండి. అవతలివాళ్ళు విస్తరి వేసి ఎదురుచూస్తారు.

రెండో వాక్యం వాళ్ళ పండుగని వాళ్ళకి వదిలిపెట్టే మాట. ఇది చాలామంది మరిచిపోతారు. మనం విచారంలో ఉన్నామని చెప్పగానే అవతలివాళ్ళకి సందేహం వస్తుంది. మనం ఇలా ఉంటే వాళ్ళు అరిసెలు వండుకోవచ్చునా, కొత్త అల్లుడికి సరదాలు చెయ్యవచ్చునా, తర్వాత మనం ఏమైనా అనుకుంటామా అని. మనం నోరు తెరిచి "మీరు చేసుకోండి" అంటేనే ఆ సందేహం తీరుతుంది. ఉత్తినే "మీరు చేసుకోండి" అంటే కూడా కొంచెం నిష్ఠూరంగా వినపడుతుంది. అందుకే "పిల్ల మొదటి పండుగ" అని వాళ్ళ సంతోషాన్ని పేరు పెట్టి చెప్పాలి. అది మనకి గుర్తుందని వాళ్ళకి తెలియాలి.

మూడో వాక్యం మన బాధ్యత గురించి. మనిషి వెళ్ళలేకపోయినా జరగవలసిన మర్యాద ఆగకూడదు. మా ఇంట్లో అయితే మేనమామ పెట్టవలసిన బట్టలు. మీ ఇంట్లో ఇంకేదైనా కావచ్చు. ఎవరు వెళతారు, ఏ రోజు వెళతారు అనేది ఫోను చెయ్యకముందే ఇంట్లో మాట్లాడుకుని ఉండాలి. మావారు భోగినాటికి వెళ్ళి, సంక్రాంతి, కనుమ అక్కడే ఉండి, ముక్కనుమనాడు బయలుదేరాలని అనుకున్నాం. కనుమనాడు కాకైనా కదలదంటారు కదా, ఆ రోజు తిరుగుప్రయాణం పెట్టుకుంటే అదొక కొత్త చర్చ అవుతుంది. ఇలాంటివి ముందే తేల్చుకోకుండా ఫోను చేస్తే, "పోనీ తమ్ముణ్ణయినా పంపు" అని వాళ్ళు అడగాల్సి వస్తుంది. అడిగాక పంపితే మన మర్యాద సగం పోతుంది.

నాలుగోది, ఎప్పుడు కలుస్తామో చెప్పే మాట. దీనివల్ల మన రాకపోవడానికి ఒక హద్దు ఏర్పడుతుంది. ఈ ఒక్క పండుగకే, ఈ ఒక్క ఏడాదికే, మీమీద కోపంతో కాదు అని చెప్పకుండా చెప్పినట్టవుతుంది. నెరవేర్చగలిగిన మాటే చెప్పండి. "వచ్చేనెల వస్తాం" అని వెళ్ళకపోవడం కంటే "ఏడాది వెళ్ళాక వస్తాను" అని నిజంగా వెళ్ళడం మంచిది.

ఇక ఎప్పుడు చెప్పాలి? పిలుపు వచ్చిన రోజే చెప్పగలిగితే అంతకంటే మంచిది లేదు. నోరు రాకపోతే, "రేపు నేనే చేస్తానండీ" అని పెట్టేసి, ఆ మర్నాడు తప్పకుండా చెయ్యండి. దానికి మించి ఆపకూడదు. సంక్రాంతికయితే నేనొక లెక్క పెట్టుకున్నాను. పండుగ జనవరి 14న గాని 15న గాని వస్తుంది. డిసెంబరు 16 ప్రాంతాల నెలగంట పడుతుంది. టిక్కెట్లు తియ్యడం, బట్టలు కొనడం, జాకెట్లు కుట్టించడం అన్నీ అంతకుముందే మొదలవుతాయి. కాబట్టి కార్తీకం దాటకుండా చెప్పాలి. ఎంత ఆలస్యమయినా అరిసెల బియ్యం నానబొయ్యకముందు చెప్పాలి. బియ్యం ఒక రోజంతా నానాలి, దంచాలి, తడిపిండి ఆరకముందే పాకం పట్టాలి. ఒకసారి బియ్యం నానబోశారంటే మన వాటా కూడా అందులో లెక్క వేసుకున్నారన్నమాటే. ఆ తర్వాత చెప్పినది వాళ్ళకి కబురులా అనిపించదు, ఏర్పాటు చెడగొట్టినట్టు అనిపిస్తుంది.

ఎవరు చెప్పాలన్నదీ ముఖ్యమే. ఎవరిని పిలిచారో వాళ్ళే చెప్పాలి. వదినగారు నన్ను పిలిస్తే నేను చెప్పాలి. బావగారు మావారిని పిలిస్తే మావారు చెప్పాలి. పిల్లలచేత చెప్పించడం, తోడికోడలి ద్వారా చేరవెయ్యడం పనికిరాదు. చేతులు మారినకొద్దీ ఆ మాటలో మెత్తదనం పోయి, ఎముక ఒక్కటే మిగులుతుంది. నా "వెళ్ళాలని లేదే" కాస్తా "రాదుట" అయినట్టు.

ఇప్పుడు అందరి ఫోనుల్లోనూ కుటుంబం గ్రూపులున్నాయి. అందులో ఒక మెసేజి పెడితే పనయిపోతుంది కదా అనిపిస్తుంది. పెట్టవచ్చు, కాని మొదట అక్కడ పెట్టకూడదు. మనకంటే పెద్దవాళ్ళకీ, ప్రత్యేకంగా పిలిచినవాళ్ళకీ ముందు మన గొంతు వినపడాలి. ఆ తర్వాత మిగతా అందరికీ కలిపి గ్రూపులో ఒక ముక్క రాస్తే సరిపోతుంది. మా అన్నయ్య రాసింది చదివి వినిపిస్తాను. "ఈ ఏడు అమ్మ పోయిన సంవత్సరం కనుక మా ఇంట పండుగ లేదు. మీరందరూ ఎప్పటిలా పండుగ చేసుకోండి. సంవత్సరీకం అయ్యాక అందరం కలుద్దాం." దానికి యాభైమంది బంధువుల్లో ఒక్కరు కూడా ఎదురు ప్రశ్న వెయ్యలేదు. మూడు వాక్యాలు రాసి ఊరుకున్నాడు కాబట్టి వాళ్ళూ అక్కడితో ఊరుకున్నారు.

అన్నయ్యకి ఆ సౌకర్యం ఉంది. "మా ఇంట పండుగ లేదు" అనేది అందరికీ తెలిసిన ఆచారం. నాలాంటి కూతుళ్ళకి, అలాగే తోబుట్టువు పోయిన ఆడపడుచులకి, ప్రాణస్నేహితురాలు పోయినవాళ్ళకి ఆ మాట చెల్లదు. చెల్లకపోయినా దాన్ని అరువు తెచ్చుకోవాలనిపిస్తుంది. నేనూ ఒకసారి అనుకున్నాను, శాస్త్రం ఒప్పుకోదని చెప్పేస్తే పోతుంది కదా అని. అలా చెప్పకపోవడమే మంచిదయింది. ఎందుకంటే శాస్త్రం అడ్డు చెబితే అవతలివాళ్ళు తమ పురోహితుణ్ణి అడుగుతారు. ఆయన "ఆడపిల్లకి మూడురోజులే, నిక్షేపంగా రావచ్చు" అంటాడు. నిజం కూడా అదే. అప్పుడు మనం అబద్ధమాడినవాళ్ళమవుతాం, ఉన్న దుఃఖం కూడా నటన అయిపోతుంది. ఆచారం ఉన్నచోట ఆచారం చెప్పండి. లేనిచోట మనసులో మాట చెప్పండి. మనసులో మాటకి పురోహితుణ్ణి అడగరు ఎవరూ.

మనం చెప్పాక ఎదురు మాటలు వస్తాయి. రాకపోతే వాళ్ళు మనవాళ్ళే కాదు. మా వదినగారు మొదట అన్నది, "నీకు మూడురోజులేగా మైల?" అని. దానికి నేను, "మైల తీరిపోయిందండీ. నాకే ఇంకా పండుగలో కూచోవాలని లేదు" అన్నాను. తర్వాత, "సంక్రాంతి పెద్దల పండుగే కదే, ఆ రోజు వాళ్ళనే తలుచుకుంటాం కదా" అన్నారు. ఇది మంచి మాట. సంక్రాంతినాడు పెద్దలకి తర్పణాలు వదులుతారు, వాళ్ళ పేర గుమ్మడికాయ దానమిస్తారు. కాదని వాదించకూడదు. "అవునండీ, ఆ పూట అమ్మ పటం దగ్గర దీపం పెట్టుకుని ఇంట్లోనే ఉంటాను" అన్నాను. వాళ్ళ మాటని ఒప్పుకుంటూనే మన మాట మీద ఉండడం ఇదే.

అన్నిటికంటే కష్టమయిన మాట ఆఖరిది. "నువ్వు రాకపోతే నాకూ ఈ పండుగ వద్దు." ఇది ప్రేమకొద్దీ వచ్చే మాటే. కాని దీనికి కరిగి ఒప్పుకుంటే, వెళ్ళి అక్కడ అందరి మధ్యా మొహం వేలాడేసుకుని కూచుంటాం. కొత్తదంపతులని ఆశీర్వదించవలసిన చోట కళ్ళు తుడుచుకుంటూ ఉంటాం. వాళ్ళకీ బాగుండదు, మనకీ బాగుండదు. నేను, "అలా అనకండి వదినగారూ, పిల్లకి ఇది మళ్ళీ వచ్చే పండుగ కాదు" అన్నాను. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఆ మౌనం ఉంది చూశారూ, దాన్ని మాటలతో నింపబోకండి. అక్కడే మనం తడబడి "సరే, ఒక్కపూట భోజనానికి వస్తాలెండి" అనేస్తాం. నిజంగా ఒక పూట వెళ్ళాలని ఉంటే, ఫోను చెయ్యకముందే ఆ సంగతి నిర్ణయించుకుని మొదటి వాక్యంలోనే చెప్పాలి. మొహమాటంతో మధ్యలో ఇచ్చిన మాట ఎవరికీ మంచిది కాదు.

కాసేపటికి ఆవిడే, "ఆ మాటేదో కార్తీకంలో చెబితే పోయేదిగా" అన్నారు. "తప్పు నాదేనండీ" అన్నాను. ఒక్కసారే అన్నాను. పదిసార్లు క్షమించమంటే, ఎదుటివాళ్ళు "ఫరవాలేదు" అని పదిసార్లు అనాలి. పాపం, వాళ్ళకి పండుగ పనులున్నాయి.

పుట్టింటికో ఆడపడుచు ఇంటికో వెళ్ళడం మానేయడం ఒక ఎత్తు. మనమున్న ఇంట్లోనే అత్తగారు, మామగారు, పిల్లలు ఉంటే అదింకో ఎత్తు. పండుగ ఇంటిది, మనదొక్కరిదే కాదు. అక్కడ "పండుగ వద్దు" అనడం చెల్లదు, నా మటుకు అది న్యాయం కూడా కాదు. అలాంటప్పుడు ఏది చేస్తామో, ఏది చెయ్యలేమో విడదీసి చెప్పాలి. "అత్తయ్యగారూ, వంటా పూజా అన్నీ నేనే చూసుకుంటాను. ఈ ఏడు కొత్తచీర మాత్రం కట్టుకోను, పేరంటానికి వెళ్ళను" అంటే చాలు. మా ఎదురింటావిడ ఇలాగే చెప్పుకుంది. ఆవిడ అత్తగారు ఆ చీర తీసి బీరువాలో పెట్టి, "ఎప్పుడు కట్టుకోవాలనిపిస్తే అప్పుడే కట్టుకో" అన్నదట. చిన్నపిల్లలుంటే వాళ్ళకి భోగిపళ్ళు పొయ్యడం, కొత్తబట్టలు వెయ్యడం మానకండి. మన అమ్మ పోయిందని పసిపిల్లల పండుగ ఆపితే, ఆ అమ్మే ఒప్పుకోదు.

మనం చెయ్యడం మానేసే పని ఒకటి కూడా ఉంది. ఏడాది తిరిగాక, ఇంక పిలవవచ్చునని చెప్పం. పండుగకి రాలేనన్నవాళ్ళని మళ్ళీ పిలవడానికి బంధువులు జంకుతారు. పిలిస్తే నొచ్చుకుంటామేమోనని వాళ్ళు, పిలవలేదని మనం, అలా రెండేళ్ళు గడిచిపోయిన ఇళ్ళు నాకు తెలుసు. సంవత్సరీకం అయిన వారం లోపల, మనమే ఫోను చెయ్యాలి. "వదినగారూ, అమ్మ ఏడాది వెళ్ళిందండీ. ఈ దసరాకి మీరు మా ఇంటికి రావాలి" అనాలి. రాలేనని ఎవరు చెప్పారో, వస్తానని వాళ్ళే చెప్పాలి.

మా వదినగారి సంగతి ఏమయిందంటారా? ఆవిడ కోపం నాలుగు వాక్యాలతో పోలేదు. పండుగనాడు మావారి ఫోనులో మాట్లాడి, నన్ను అడగకుండానే పెట్టేశారు. నాకోసం కొన్న చీర మావారితో పంపారు గాని, ఎప్పటిలా అందులో పసుపూ కుంకుమ పొట్లంతో పాటు పెట్టే చిన్న ఉత్తరం లేదు. శివరాత్రి వెళ్ళాక ఒకరోజు ఫోను చేసి, మా అమ్మ చేసే గోంగూర పచ్చడిలో మెంతులు ఎప్పుడు వేసేదో చెప్పమన్నారు. మా అమ్మ పేరెత్తి ఆవిడ మాట్లాడడం పండుగ తర్వాత అదే మొదలు. చెప్పాను. చాలాసేపు మాట్లాడుకున్నాం. భాద్రపదంలో అమ్మ సంవత్సరీకానికి తెనాలి వచ్చి, వంటింట్లో నా పక్కన కూచుని విస్తళ్ళు తుడిచారు. ఆ రోజే ఆవిణ్ణి దసరాకి పిలిచాను.

కార్తీకంలోనే ఆ అరనిమిషం మాట చెప్పి ఉంటే, మధ్యలో ఆ నాలుగు నెలలు మా ఇద్దరికీ మిగిలేవి. మీలో ఎవరికయినా ఈ ఏడు అలా చెప్పవలసి ఉంటే, ఈ పూటే ఆ ఫోను చెయ్యండి. ఎవరికి చెప్పాలో వాళ్ళకే చెయ్యండి, కారణమూ నిర్ణయమూ ఒక్క వాక్యంలో చెప్పండి, వాళ్ళ పండుగ వాళ్ళని చేసుకోమనండి, మళ్ళీ ఎప్పుడు కలుస్తారో చెప్పి పెట్టేయండి.